సీరియల్ సెట్లు ఎన్ని వేలాడదీసినా హాలు చదునుగానే కనిపిస్తుంటే

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. ఆ చివర బాల్కనీలోకి జరిపే అద్దాల తలుపు ఉంది. దీపావళికి ఏటా నాలుగైదు సీరియల్ సెట్లు, ముప్పై ప్రమిదలు పెడతాం. అయినా పెళ్లి మండపాల్లో కనిపించే ఆ లోతు రావడం లేదు, అంతా గోడకు అతికించిన బొమ్మలా ఉంటుంది. ఇంకా ఏం కొనాలి? పెద్ద అద్దం ఒకటి పెడితే బాగుంటుందా?

జవాబు:

కొత్తగా కొనాల్సింది చాలా తక్కువండీ. ముందు ఆర్పాల్సింది ఒకటుంది, అది మీ హాల్లో ట్యూబులైటు. పూజ అయ్యేదాకా వేసి ఉంచి, తర్వాత కూడా అలాగే వదిలేస్తూ ఉంటారు, చాలా ఇళ్లలో చూస్తుంటాను. నేను రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు లైటింగ్ పని చేయబట్టి 19 ఏళ్లయింది. ఇళ్లలో పండగ లైటింగ్ చూడమని ఎవరు పిలిచినా నేను మొదట చూసేది పైకప్పు వైపే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెప్తాను. ఒక కొవ్వొత్తి ఇచ్చే వెలుగు సుమారు 12 ల్యూమెన్లు. ప్రమిదలో ఒంటి వత్తి ఇచ్చేది కూడా ఆ దరిదాపుల్లోనే, లేదా ఇంకాస్త తక్కువ. మామూలు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఇచ్చేది దాదాపు 2000 ల్యూమెన్లు. అంటే మీ ముప్పై ప్రమిదలూ ఒకచోట చేర్చినా ఆ ట్యూబులో అయిదో వంతుకు కూడా రావు. ట్యూబు వెలుగుతున్నంతసేపూ దీపాలు మంటలుగా కనిపిస్తాయే గానీ, వాటి వెలుగు గోడ మీదా నేల మీదా ఎక్కడా కనపడదు. అది కనపడకపోతే ప్రమిద ఉట్టి వస్తువే.

ఇంకో సంగతి కూడా ఉంది. ట్యూబు పైనుంచి గదంతటికీ ఒకే రకంగా వెలుగు పరుస్తుంది. దీపం అలా కాదు. దానికి ఒక అడుగు దూరంలో పడే వెలుగులో నాలుగో వంతే రెండడుగుల దూరానికి చేరుతుంది, నాలుగడుగులకు వెళ్లేసరికి పదహారో వంతే. దగ్గరగా గట్టి వెలుగు, కాస్త అవతల మసక, ఇంకాస్త అవతల చీకటి. మన కన్ను గదిలో దూరాన్ని పోల్చుకోవడానికి ఈ తేడా బాగా సాయపడుతుంది. మండపంలో మీకు నచ్చిన లోతు అదే. అక్కడ మేం లైట్లు ఎన్ని పెట్టామన్న దానికంటే, ఎక్కడెక్కడ పెట్టకుండా వదిలామన్నదే ఆ లోతు తెస్తుంది.

పాతకాలం ఇళ్లలో గోడకు దీపపు గూళ్లు ఉండేవి కదా, చిన్నప్పుడు చూసే ఉంటారు. సున్నం వేసిన ఆ గూట్లో ప్రమిద పెడితే మొదట గూడు వెలిగేది, ఆ వెలుగే మెత్తగా గదిలోకి వచ్చేది. పక్కనుంచి చూసేవాళ్లకు మంట కళ్లలో పొడుచుకునేది కాదు. ట్యూబు ఆర్పాక గదికి ముందుగా కావాల్సిన మెత్తటి వెలుగుకు నేను చెప్పబోయే పద్ధతి కూడా దాదాపు ఇదే. బల్బు కనపడకూడదు, అది పడిన గోడ కనపడాలి.

ఇందుకు 3 వాట్ల వార్మ్ వైట్ బల్బు ఒక్కటి చాలు. డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్నదే అడిగి తీసుకోండి, 3000 అయినా పరవాలేదు. మన ఇళ్లలో మామూలుగా ఉండే తెల్ల ట్యూబు 6500. నూనె దీపం మంట దాదాపు 1900. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది, తగ్గేకొద్దీ పసుపు, నారింజ వైపు వస్తుంది. 6500 లైటు పక్కన దీపం పెడితే దీపం మురికి పసుపుగానూ, లైటు నీలంగానూ కనిపించి రెండూ చెడతాయి. 2700 పక్కన పెడితే రెండూ ఒకే కుటుంబంలా కలిసిపోతాయి. ఆ బల్బును ఒక హోల్డరుకు పెట్టి సోఫా వెనక మూలలో, గోడకు అడుగు దూరంలో, నేల మీదో చిన్న పీట మీదో ఉంచండి. వెలుగు గోడ మీదుగా పైకి పాకి, సగం గోడ దాటాక మెల్లగా చీకట్లో కలవాలి. తర్వాత హాల్లో ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చుని చూడండి. ఏ చోటు నుంచైనా బల్బు కనిపిస్తే దాన్ని ఇంకా వెనక్కి జరపండి. పూజ చేసుకునే చోటుకు ఎదురు మూలలో ఇది పెడితే మంచిది, పూజ దగ్గర దీపాలకు పోటీ రాదు. గోడ రంగు కూడా చూసుకోండి. మీగడ రంగో లేత పసుపో అయితే వెలుగు ఇంకా వెచ్చగా మారుతుంది. లేత ఆకుపచ్చ గోడ మీద వేస్తే మనుషుల ముఖాలు పాలిపోయినట్టు ఉంటాయి. అలాంటప్పుడు గోడకు ఒక గంధం రంగు దుప్పటో పాత నేత చీరో వేలాడదీసి, దాని మీద వెలుగు పడనివ్వండి. బల్బు మీద మాత్రం గుడ్డ కప్పకండి.

బల్బు వెలుగు తగ్గించడానికి కొందరు పాత ఫ్యాను రెగ్యులేటరు కలుపుతారు. మామూలు ఎల్ఈడీ బల్బు దానికి సరిగా తగ్గదు, అదిరిపోతుంది, త్వరగా పాడవుతుంది కూడా. తక్కువ కావాలంటే తక్కువ వాట్ల బల్బే పెట్టుకోండి, అరవాటు నైట్ ల్యాంపులు కూడా వార్మ్ రంగులో దొరుకుతాయి.

ఒక హెచ్చరిక చేయాలి. ట్యూబు ఆర్పిన మొదటి రెండు నిమిషాలు ఇంట్లో ఎవరో ఒకరు ‘ఇదేంటి ఇంత చీకటి’ అంటారు. కన్ను తెల్ల వెలుగుకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి అలాగే అనిపిస్తుంది. పది నిమిషాలు ఆగితే కన్ను సర్దుకుంటుంది, దీపాల వెలుగు నేల మీద ఎంత దూరం వస్తోందో అప్పుడు కనిపించడం మొదలవుతుంది. ఆ పది నిమిషాల్లో ఎవరూ స్విచ్ వైపు వెళ్లకుండా చూసుకోండి.

ఇక మీ హాల్లో అన్నిటికంటే విలువైనది ఆ అద్దాల తలుపు. దాన్ని చాలామంది కర్టెన్లతో మూసేసి, ఆ కర్టెన్ల మీద సీరియల్ సెట్లు వేలాడదీస్తారు. అక్కడే ఇల్లు చదునైపోతుంది, ఎందుకంటే హాలు ఆ కర్టెన్ దగ్గరే ఆగిపోతుంది. తలుపును తెరిచి ఉంచినట్టు చూపిస్తే హాలు బాల్కనీ దాకా సాగుతుంది, అద్దం పని చేస్తే ఇంకా అవతలికి కూడా.

రాత్రిపూట కిటికీ అద్దం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఎదురుగా చూసినప్పుడు తన మీద పడిన వెలుగులో సుమారు 8 శాతం వెనక్కి తిప్పి పంపుతుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం అవతలికి వదిలేస్తుంది. కాబట్టి సోఫాలో కూర్చున్న మీకు అద్దంలో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి కనిపించాలి. బాల్కనీలో ఉన్న దీపాలు ఒకటి, హాల్లో ఉన్న దీపాల నీడ రెండోది. హాలు మరీ వెలుగ్గా ఉంటే ఆ 8 శాతమే బాల్కనీ దీపాలను మించిపోతుంది. అప్పుడు అద్దంలో మీ ముఖం, సోఫా, ఫ్యానూ స్పష్టంగా కనిపిస్తాయి, బాల్కనీ మాయమవుతుంది. బాల్కనీలో మరీ ఎక్కువ లైట్లు పెడితే హాలు నీడ పూర్తిగా పోయి, అద్దం ఉన్నట్టే తెలియదు. రెండూ కనిపించే మధ్య స్థితి తెచ్చుకోవాలి. హాల్లో ట్యూబు లేకుండా, నేను చెప్పిన చిన్న బల్బు, దీపాలు మాత్రమే ఉంటే ఆ స్థితికి దగ్గరగానే ఉంటారు. మీ ముఖం అద్దంలో గుర్తుపట్టేలా కనిపిస్తోందంటే హాలు ఇంకా తగ్గించాలి, లేదా బాల్కనీలో ఒక అయిదు దీపాలు పెంచాలి.

అద్దంలో నీడ ఎక్కడ కనిపిస్తుందో కూడా తెలుసుకోండి, దీపాలు పెట్టే చోటు అంతా దాని మీదే ఆధారపడుతుంది. అద్దానికి ఇవతల ఎంత దూరంలో దీపం ఉంటే, నీడ అవతల అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. హాల్లో అద్దానికి 3 అడుగుల దూరంలో ఉన్న ప్రమిద బాల్కనీలో 3 అడుగుల అవతల వెలుగుతున్నట్టు ఉంటుంది. 10 అడుగుల దూరంలో ఉన్నదైతే బాల్కనీ దాటి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. అమావాస్య రాత్రి, వెనక చీకటి ఆకాశం. ఆ దీపాలు అక్కడ వేలాడుతుంటే చూసిన పిల్లలు తలుపు తీసి వెతుకుతారు, నా కళ్లారా చూశాను.

అందుకే మీ ముప్పై ప్రమిదల్ని గోడల వెంట చుట్టూ సమానంగా పంచకండి. చూసే మనిషికి అడ్డంగా పేర్చిన దీపాలన్నీ ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి గీత గీసినట్టు ఉంటాయి. చూపు వెళ్లే దారి వెంట పేరిస్తే దగ్గరవి పెద్దగా, దూరపువి చిన్నగా, మధ్య ఖాళీలు దగ్గరవుతూ కనిపిస్తాయి. మీ హాలుకు నేనైతే ఇలా చేస్తాను. నడవని వైపు, అంటే టీవీ ఉన్న పొడవాటి గోడ వెంట, గోడకు 6 అంగుళాలు వదిలి, ఒక్కొక్క అడుగున్నర ఎడంతో 9 ప్రమిదలు. ఈ వరుస అద్దం తలుపుకు రెండడుగుల ఇవతల ఆగాలి. అదే గీత మీద బాల్కనీలో మరో 5 ప్రమిదలు, ఎడం కొంచెం తగ్గించి. అద్దం మధ్యలో ఉన్నా వరుస తెగినట్టు ఉండదు. హాల్లో 9 దీపాల నీడలు కూడా వెనక్కి తిరిగి అదే దారిలో సాగుతాయి కాబట్టి, బాల్కనీలో పెట్టిన అయిదూ ఆ నీడల మధ్య కలిసిపోయి పద్నాలుగు దీపాల వరుస అవుతుంది. ఏది నిజమైన దీపమో ఏది నీడో వెంటనే తెలియదు. పూజ దగ్గర 11 పెట్టండి, గుంపుగా, రెండు మూడు ఎత్తుల్లో. కుందులు వెనక, ప్రమిదలు ముందు. మిగిలిన 5 గుమ్మం బయట ముగ్గు దగ్గర. లెక్క సరిపోయింది.

కర్టెన్ సంగతి. తలుపుకు పలచని నెట్ కర్టెన్ ఉంటే రెండో వైపు రెక్కకు మాత్రమే లాగి, దీపాల వరుస ఉన్న వైపు పూర్తిగా తీసేయండి. లాగిన సగంలో మీ సీరియల్ సెట్టు ఒకటి పెట్టండి, కానీ కర్టెన్ ముందు కాదు, వెనక. సెట్టుకూ గుడ్డకూ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. గుడ్డకు ఆనుకుని ఉంటే ప్రతి బల్బూ గుచ్చినట్టు చుక్కగా కనిపిస్తుంది. ఖాళీ ఉంటే చుక్కలు కరిగి, మంచులో లైట్లు ఉన్నట్టు మెత్తగా అవుతాయి. పైగా వెనక అద్దం ఉంది కదా, ప్రతి బల్బుకూ ఒక నీడ తోడవుతుంది. ఒక సెట్టు రెండు పొరలు అవుతుందన్నమాట. ఆ సగం కింద మాత్రం దీపాలు పెట్టొద్దు. నెట్ కర్టెన్‌కు మంటకు కనీసం 3 అడుగుల ఎడం ఉండాలి. గాలికి ఎంత ఎగురుతుందో పగలే చూసి కొలవండి.

రెండో సెట్టు బాల్కనీ గ్రిల్లుకు. మూడోది అవసరమైతే పూజ పక్కన గాజు షోకేసు లోపల వెనక అంచుకు, బల్బులు నేరుగా కనపడకుండా. మీ దగ్గర ఉన్న అయిదులో ఇంకా రెండు మిగులుతాయి, వాటిని డబ్బాలోనే ఉంచేయండి. అన్నీ వాడేయాలని మనకు అనిపిస్తుంది, కొన్నాం కదా అని. ఈ హాలుకు ఆ మూడింటికి మించి పెడితే చుక్కలే మిగులుతాయి, దీపాలు వెనకబడతాయి.

సెట్టు రంగు అన్నిటికీ ఒకటే ఉండాలి, వార్మ్ వైట్. షాపులో ‘వైట్’ అని ఇచ్చేవి చాలావరకు నీలంగా ఉంటాయి. వెలిగించి చూపించమనండి, పక్కన పాత సెట్టు తీసుకెళ్లి పోల్చుకోండి. పిల్లలకు రంగురంగులవి కావాలంటే బాల్కనీ గ్రిల్లుకు బయటి వైపు, వీధిలోకి చూసేట్టు కట్టండి, వాళ్ల సరదా తీరుతుంది, హాలు చెడదు. ఇంకొకటి: సెట్టుకు ఉండే చిన్న పెట్టె మీద బటన్ నొక్కితే మిణుకు రకాలు మారుతుంటాయి. కదలకుండా నిలిచి వెలిగే దాని మీద ఉంచండి. హాల్లో కదిలేది మంట ఒక్కటే కావాలి. సెట్టు కూడా మిణుకుతుంటే కన్ను దానివైపే పరిగెడుతుంది, మంట కదలిక అసలు తెలియదు. కరెంటు పోయి వస్తే చాలా సెట్లు మళ్లీ మొదటి మిణుకుకే వెళ్లిపోతాయి, ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద అద్దం. వద్దంటాను, కనీసం మొదటి ఏడాది. కారణం నా అనుభవమే. మొదట్లో ఒక గృహప్రవేశానికి నాలుగడుగుల అద్దం పూజ దీపాల వెనక పెట్టాను. దీపాలు రెట్టింపవుతాయని నా ఆశ. రెట్టింపయ్యాయి కూడా, నేను నిలబడిన చోటు నుంచి. సాయంత్రం చుట్టాలు వచ్చి కింద జంపఖానా మీద కూర్చున్నాక, వాళ్లకు ఆ అద్దంలో కనిపించింది వంటింట్లో ట్యూబులైటు, దాని కింద గ్యాసు బండ. పూజ జరిగినంతసేపూ అందరి కళ్లకూ అమ్మవారి పక్కన ఆ తెల్ల గీతే. ఆ ఇంటావిడ ఒక్క మాట అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. అద్దం తనకు ఎదురుగా ఏముంటే దాన్ని చూపిస్తుంది, మనం అనుకున్నది కాదు. అంచేత ఎప్పుడు అద్దం పెట్టినా, జనం కూర్చునే చోట కూర్చుని, ఇంకొకరు అద్దం పట్టుకుని వంచుతుంటే, ఏం కనిపిస్తోందో చూసి ఆ తర్వాతే స్థలం ఖాయం చేయండి.

మీ ఇంట్లో ఇప్పటికే ఒక నల్ల అద్దం ఉంది, ఆపేసిన టీవీ. దానికి ఎదురు గోడ దగ్గర ఉన్నవన్నీ అందులో మసకగా కనిపిస్తాయి. సోఫా వెనక మీరు పెట్టిన గోడ వెలుగు దాంట్లో పడి లోపల ఇంకో గది ఉన్నట్టు ఉంటుంది. టీవీ కింద ఎర్రగా వెలిగే చిన్న లైటు మీద నల్ల టేపు ముక్క అంటించండి, చాలు.

పెద్ద అద్దం కంటే నాకు నచ్చేది అద్దాల పని ఉన్న గుడ్డ. తోరణమో దిండు గలీబో ఏదైనా. తిరుమలలో ఊంజల్ సేవ జరిగే అద్దాల మండపం చూసినవాళ్లకు ఎదురెదురు అద్దాల్లో స్వామి రూపం మళ్లీ మళ్లీ కనిపించడం గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద పని ఇంట్లో కుదరదు. కానీ గుడ్డ మీద కుట్టిన వేలెడంత అద్దపు బిళ్లలు ఒక్కొక్కటీ ఒక్కో వైపు కాస్త వంగి ఉంటాయి కాబట్టి, ఒక్కొక్కటి వేర్వేరు దీపాన్ని పట్టుకుంటుంది. మీరు రెండడుగులు నడిస్తే కొన్ని ఆరిపోయి వేరేవి వెలుగుతాయి. మిణుకుల సెట్టు చేయలేని పని ఇది, మీ నడకతో మిణుకుతుంది. పూజకు వెనక పట్టుచీర కడతారు కదా, దాని జరీ కూడా అలాంటిదే. ఎదురుగా వెలుగు పడితే జరీ మామూలుగా ఉంటుంది, పక్కనుంచి ఏటవాలుగా పడితే మండుతుంది. అందుకే పొడవాటి కుందులు చీరకు సరిగ్గా ముందు కాకుండా రెండు పక్కలా, చీరకు రెండున్నర మూడడుగులు ముందుకు పెట్టండి. చీరకు మంటకు మధ్య ఆ ఎడం తగ్గనివ్వకండి.

ఇత్తడి, వెండి వస్తువుల్లో ఒక తేడా ఉంది. ఇత్తడి నీలాన్ని మింగి పసుపును తిరిగి ఇస్తుంది, ఏ వెలుగు పడినా కాస్త వెచ్చగా మారుస్తుంది. వెండి, స్టీలు పడినదాన్ని పడినట్టే ఇస్తాయి. కాబట్టి వీధి లైటు తెల్లదనం వచ్చే కిటికీ పక్కన ఇత్తడివి, దీపాలకు దగ్గరగా వెండివి పెట్టుకోండి. గుండ్రటి చెంబు, కలశం లాంటివి గదిలో ఉన్న ప్రతి దీపాన్నీ చిన్న చుక్కగా తమ మీద చూపిస్తాయి. పళ్లెం లాంటి చదునైనది ఒక్క దాన్నే చూపిస్తుంది. చింతపండుతో తోమాక నీటి మరకలు లేకుండా పొడి గుడ్డతో వెంటనే తుడవండి, ఆరబెడితే మరక పడుతుంది, ఆ మరక రాత్రి దీపం ముందు పగటికంటే ఎక్కువ కనిపిస్తుంది.

నీళ్ల పాత్రలో పూలు, తేలే దీపాలు ఇప్పుడు అందరూ పెడుతున్నారు. సాధారణంగా చేసే తప్పు దాన్ని టీపాయ్ మీద పెట్టడం. నీటిని పైనుంచి నిటారుగా చూస్తే అది వెలుగులో 2 శాతమే తిప్పి పంపుతుంది, అడుగు కనిపిస్తుంది. ఏటవాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది. సోఫాలో కూర్చుని పది అడుగుల దూరంలో నేల మీద ఉన్న పాత్రను చూసినప్పుడు పదమూడు, పద్నాలుగు శాతం దాకా వస్తుంది, అంటే ఆరేడు రెట్లు. కాబట్టి పాత్ర నేల మీదే, కూర్చునేవాళ్లకు దూరంగా, దాని వెనక దీపాల వరుస ఉండేట్టు పెట్టండి. మీ హాల్లో అది టీవీ గోడ వెంట ఉన్న వరుసకు ఇవతల, అద్దం తలుపుకు దగ్గరగా వస్తుంది. పూలతో నీళ్లు పూర్తిగా కప్పేస్తే నీళ్లు పెట్టినట్టే ఉండదు, సగానికి పైగా ఖాళీ వదలండి. లోపల నల్లగానో ముదురుగానో ఉండే పాత్ర అయితే నీడ బాగా తేలుతుంది. మెరిసే ఇత్తడి గంగాళం అడుగు తనే మెరిసి నీడను చెడగొడుతుంది. అందంగా ఉంటుంది గానీ అది వేరే అందం. ఇంట్లో కరెంటుకు నేరుగా పెట్టే సీరియల్ సెట్టు తీగ ఏదీ ఈ నీళ్ల పాత్ర దరిదాపుల్లోకి రాకూడదు. ఆ సన్నటి తీగల్లో చాలావాటికి లోపల పూర్తి 230 వోల్టులే ఉంటాయి, పై పొర కాస్త చీలినా ప్రమాదం. అక్కడ చుక్కలు కావాలంటే బ్యాటరీతో వెలిగే రాగితీగ సెట్టు వాడండి.

కొత్త ప్రమిదలు ముందు రోజు నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి ఆరబెట్టండి, నూనె తక్కువ పీలుస్తాయి. ప్రతి దాని కిందా చిన్న పళ్లెమో తమలపాకో పెట్టండి. గచ్చు మీద నూనె కారితే తర్వాత జారుతుంది. వత్తి మరీ బయటికి లాగితే పొగ వస్తుంది, గోడ నల్లబడుతుంది, అద్దం మీద మసి పడుతుంది. ధాన్యం గింజంత బయట ఉంటే సరిపోతుంది. ఫ్యాను ఆపేయాల్సి వస్తుంది, తప్పదు. పట్టులంగాల పిల్లలు తిరిగే ఇల్లయితే టీవీ గోడ వరుసను నేల మీద కాకుండా అడుగు ఎత్తు బల్ల మీద పెట్టి, బల్ల ముందు ఏదైనా అడ్డం ఉంచండి. నీడల లెక్క ఏమీ మారదు.

ఇదంతా పండగ రోజు సాయంత్రం మొదలుపెడితే కుదరదు. ముందు రోజు చీకటి పడ్డాక ఒకసారి వెలిగించి చూడండి. దీపావళి నాటికి మన దగ్గర అయిదూ ముప్పావు ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు, ఆరున్నరకల్లా బాగా చీకటి పడుతుంది. ఆ సమయంలో సోఫాలో కూర్చుని కళ్లు సగం మూసి చూడండి. సగం మూసిన కళ్లకు వివరాలు పోయి వెలుగు మచ్చలే మిగులుతాయి. గట్టివి ఒక రెండు మూడు, మధ్యరకంవి కొన్ని, మిగతాదంతా చీకటి, ఇలా మూడు రకాలు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తే సరిగా వచ్చినట్టే. అంతా ఒకే మచ్చగా కనిపిస్తే ఎక్కడో వెలుగు ఎక్కువైంది. మొదట గోడ బల్బును, తర్వాత గ్రిల్లు సెట్టును ఆపి చూడండి, ఏదో ఒకటి ఆపగానే తేడా తెలుస్తుంది.

ఫోటోలు చూసి నిరాశ పడకండి. ఫోను చీకటిని చూడగానే వెలుగు పెంచేస్తుంది, నైట్ మోడ్‌లో అయితే చీకటి భాగాలన్నీ తుడిచేసి గదిని మళ్లీ చదును చేస్తుంది. నైట్ మోడ్ ఆపి, తెర మీద ఒక దీపం మంట దగ్గర వేలితో తాకి, వెలుగును కిందికి లాగి తీయండి. ఫోటోలో నల్లటి గీతలు అడ్డంగా పాకుతున్నాయంటే ఏదో ఒక సెట్టు నాసిరకం, కంటికి తెలియకుండా అదురుతోంది. దాన్ని హాల్లోంచి తీసి బాల్కనీకి మార్చండి, ఎక్కువసేపు కూర్చునే చోట ఉంటే కళ్లు లాగుతాయి.

మీ సోఫా అద్దాల తలుపుకు ఎదురుగా ఉందా, పక్కగా ఉందా అన్నది మీరు రాయలేదు. ఎదురుగా ఉందనుకుని చెప్పాను. టీవీకి ఎదురుగా, అంటే తలుపుకు పక్కగా ఉంటే, మీకు వరుస అడ్డంగా కనిపిస్తుంది, లోతు పోతుంది. అప్పుడు ఒకటి రెండు కుర్చీలు గుమ్మం వైపు మూలకు జరిపి, చూసేవాళ్ల ముఖం తలుపు వైపు తిరిగేట్టు వేయండి. ఏటవాలుగా చూసినప్పుడు అద్దం 8 శాతం కంటే కాస్త ఎక్కువే తిప్పి పంపుతుంది కాబట్టి, ఆ మూల నుంచి చూసేవాళ్లకు హాలు దీపాల నీడ ఎదురుగా కూర్చున్నవాళ్లకంటే కొద్దిగా గట్టిగా కనిపించవచ్చు. అలాంటప్పుడు బాల్కనీలో అయిదుకు బదులు ఏడు ప్రమిదలు పెట్టుకోండి, పూజ దగ్గర రెండు తగ్గించి.